గదిలో ఆడుకునే పిల్లాడి ఫొటో: షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్ఓలను ఏ వరుసలో పెట్టుకోవాలి

కెమెరా చేతికి రాగానే ఎవరైనా ముందు తీసేది ఇంట్లోవాళ్ళ ఫొటోలే. సాయంత్రం కావస్తోంది, లైట్లు ఇంకా వేయలేదు, కిటికీలోంచి మెత్తటి వెలుతురు పడుతోంది. నేల మీద కూర్చుని పిల్లాడు బ్లాకులు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. కెమెరా ఆటోలో పెట్టి నొక్కారు. వెనకున్న చిన్న స్క్రీన్ మీద ఫొటో బ్రహ్మాండంగా కనిపించింది. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే మాత్రం చేతులు సాగిపోయాయి, కళ్ళు మసకగా ఉన్నాయి.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ఫొటో గురించే. ఆరుబయట మంచి ఎండలో ఏ సెట్టింగ్ పెట్టినా ఫొటో చాలావరకు బాగానే వస్తుంది, అక్కడ కాంతికి కొరత లేదు. గదిలో అలా కాదు. అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ మూడూ అక్కడే ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకదానికి కావలసింది ఇస్తే ఇంకొకదాని దగ్గర కోత పడుతుంది. అందుకే ఈ మూడూ ఏం చేస్తాయో తక్కువ వెలుతురులో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ముందే ఒక మాట. ఈ మూడింటినీ సమానంగా చూడమని చాలా చోట్ల చెబుతారు. నేనలా చెప్పను. కదిలే మనిషిని తీసేటప్పుడు వీటికి ఒక వరుస ఉంది: ముందు షట్టర్ స్పీడ్, తర్వాత అపర్చర్, చివర ఐఎస్ఓ. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

పాడైన ఫొటోలోని అంకెలు చదవండి

ఆ మసక ఫొటోను చెరిపేయకండి. ప్లే బటన్ నొక్కి దాన్ని తెరవండి. INFO లేదా DISP అని ఉన్న బటన్‌ను, ఫొటోతో పాటు అంకెలు కనిపించేదాకా నొక్కుతూ ఉండండి. మన ఉదాహరణలో ఆ అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: 1/60, f/5.6, ISO 800. లెన్స్ కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55, జూమ్ చివరిదాకా అంటే 55 ఎంఎం దగ్గర ఉంది.

మొదటిది షట్టర్ స్పీడ్. సెకనులో అరవయ్యో వంతు సేపు సెన్సర్ మీద కాంతి పడింది. కొన్ని కెమెరాలు దీన్ని ఉత్త 60 అని చూపిస్తాయి, అది అరవై సెకన్లు కాదు. సెకన్లయితే పక్కన రెండు గీతలు పడతాయి, 2" అంటే రెండు సెకన్లు.

రెండోది అపర్చర్. లెన్స్ లోపల సన్నటి రేకులతో చేసిన రంధ్రం ఉంటుంది, దాని సైజు ఇది. మూడోది ఐఎస్ఓ. సెన్సర్ పట్టుకున్న కాంతిని ఎంత పెంచి చూపించాలో అది చెబుతుంది.

మూడూ వేర్వేరు అంకెలే అయినా కొలత ఒక్కటే: కాంతి రెట్టింపు కావడం లేదా సగం కావడం. ఆ ఒక్క మెట్టును స్టాప్ అంటారు. 1/60 నుంచి 1/125కి వెళ్తే కాంతి సగమవుతుంది, అక్కడి నుంచి 1/250కి వెళ్తే మళ్ళీ సగం. ఐఎస్ఓ 800 నుంచి 1600కి పెంచితే ఫొటో వెలుగు రెట్టింపు. అంటే షట్టర్ దగ్గర ఒక స్టాప్ పోగొట్టుకుంటే ఐఎస్ఓ దగ్గర ఒక స్టాప్ పెంచి సరిచేయొచ్చు. మామూలుగా కెమెరా డయల్‌ను ఒక్కసారి టిక్కుమని తిప్పితే స్టాప్‌లో మూడో వంతే మారుతుంది. మూడు టిక్కులు తిప్పితే ఒక స్టాప్. అంకెలు బట్టీ పట్టాల్సిన పనిలేదు, టిక్కులు లెక్కపెట్టుకుంటే చాలు.

మొదట షట్టర్ స్పీడ్

బ్లాకు అందుకోవడానికి పిల్లాడు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదిలిందనుకుందాం, పిల్లల చేతులకు అది పెద్ద వేగమేం కాదు. 1/60 సెకనులో ఆ చెయ్యి మూడు సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. అంటే షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో అతని వేళ్ళు ఒక బ్లాకు వెడల్పంత దూరం ప్రయాణించాయి. ఆ దూరమంతా ఫొటోలో చారగా పడుతుంది. 1/250 దగ్గర అదే చెయ్యి ఎనిమిది మిల్లీమీటర్లు జరుగుతుంది, 1/500 దగ్గర నాలుగు. ఆటో మోడ్ ఈ లెక్క వేయలేదు. చాలా కెమెరాలు ఆటోలో చెయ్యి వణుకు కనిపించని స్పీడ్‌ను చూసుకుని సరిపెట్టుకుంటాయి, ఎదుటివాళ్ళ కదలిక సంగతి ఎక్కువగా పట్టించుకోవు.

కాబట్టి ఈ పని మీరే చేయాలి. కుదురుగా కూర్చుని మాట్లాడుతున్న పెద్దవాళ్ళకు 1/125 సరిపోతుంది. కూర్చుని ఆడుకునే పిల్లలకు 1/250 పెట్టండి. పరిగెత్తేవాళ్ళకూ గెంతేవాళ్ళకూ 1/500 గానీ, ఇంకా ఎక్కువ గానీ కావాలి. పడుకున్న పాపకు 1/60 కూడా చాలు, కాకపోతే అక్కడ మీ చెయ్యి సంగతి చూసుకోవాలి.

చెయ్యి వణుకుకు పాతకాలం నుంచీ ఒక కొలమానం ఉంది. లెన్స్ ఎన్ని ఎంఎం దగ్గర ఉందో, షట్టర్ స్పీడ్ కింద అంకె కనీసం అంత ఉండాలి. అది ఫిల్మ్ సైజు సెన్సర్‌కు చెప్పిన లెక్క. కొత్తవాళ్ళు మొదట కొనే కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ అంతకన్నా చిన్నది, కాబట్టి ఆ అంకెను ఒకటిన్నరతో గుణించాలి. 55 ఎంఎం దగ్గర అది 80కి కాస్త పైన తేలుతుంది, అంటే 1/80 లేదా 1/100. లెన్స్ మీద IS, VR, OSS లాంటి అక్షరాలుంటే, అది చెయ్యి వణుకును చాలావరకు సర్దేస్తుంది, ఇంకా తక్కువ స్పీడ్‌లో తీయొచ్చు. కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ సదుపాయం సర్దేది మీ చేతిని మాత్రమే, పిల్లాడి చేతిని కాదు. 1/30 దగ్గర గోడ మీద గడియారం అంకెలతో సహా స్పష్టంగా వస్తుంది, దాని కింద కూర్చున్న పిల్లాడు మాత్రం చెదిరిపోతాడు.

మన ఫొటోకు 1/250 అని తేల్చుకుందాం. 1/60 నుంచి అక్కడికి రెండు స్టాపులు. అంటే ఇందాక వచ్చిన కాంతిలో ఇప్పుడు నాలుగో వంతే వస్తుంది. ఆ లోటును మిగతా రెండూ కలిసి పూడ్చాలి.

తర్వాత అపర్చర్

అపర్చర్ అంకెలు చూసి అందరూ తికమకపడతారు. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. f/5.6 అనే రాతలోనే దీనికి కారణం ఉంది: అది ఒక భాగహారం. f అంటే లెన్స్ ఎంఎం. 50 ఎంఎం లెన్స్‌ను f/2 దగ్గర పెడితే, ముందు నుంచి చూసినప్పుడు కనిపించే రంధ్రం 50ని రెండుతో భాగించినంత, అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పు. f/4 దగ్గర పన్నెండున్నర మిల్లీమీటర్లు. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది, కాబట్టి f/2 నుంచి f/4కి రెండు స్టాపులు. నడుమ f/2.8 ఉంటుంది. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వింత వరుస అలా పుట్టిందే, ఒక్కో అంకెకూ కాంతి సగం సగం అవుతుంది.

దీన్ని కళ్ళతో చూడొచ్చు, తప్పకుండా ఒకసారి చూడండి. కెమెరాను M మోడ్‌లో పెట్టి, f/16, షట్టర్ 2" అని ఉంచండి. ఫోకస్ కుదరలేదని కెమెరా మొరాయించకుండా లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లో పెట్టండి. కెమెరాను మీ వైపు తిప్పుకుని, లెన్స్ ముందు గాజులోకి చూస్తూ బటన్ నొక్కండి. లోపల రేకులు గభాలున దగ్గరికి వచ్చి చిన్న కన్నంగా మారి, రెండు సెకన్లయ్యాక మళ్ళీ వెనక్కి పోవడం కనిపిస్తుంది. ఇప్పుడు అపర్చర్‌ను లెన్స్ ఇచ్చే అతి చిన్న అంకెకు మార్చి మళ్ళీ నొక్కండి. ఈసారి పెద్ద కన్ను తెరుచుకునే ఉంటుంది. ఆ తేడా ఒక్కసారి చూస్తే ఇక ఆ అంకెల విషయంలో తికమక ఉండదు.

ఇక మన గదిలోకి వద్దాం. 18-55 లెన్స్ మీద 3.5-5.6 అని రాసి ఉంటుంది. 18 ఎంఎం దగ్గర అపర్చర్ f/3.5 దాకా తెరుచుకుంటుంది, 55 దగ్గర f/5.6 కంటే తెరుచుకోదు అని దాని అర్థం. మనం 55 దగ్గరున్నాం కాబట్టి ఇంకా తెరవడానికి వీల్లేదు. కానీ జూమ్ వెనక్కి తీస్తే తెరుచుకుంటుంది. 35 ఎంఎం దగ్గరికి తెచ్చి, మీరు ఒక అడుగు ముందుకు జరిగితే సుమారు f/4.5 దొరుకుతుంది. అది రెండు టిక్కుల లాభం. 18 దాకా వెళ్తే f/3.5, నాలుగు టిక్కుల లాభం. అయితే 18 దగ్గర ముఖం ఫ్రేమ్ నిండాలంటే మరీ దగ్గరికి వెళ్ళాలి. అంత దగ్గరి నుంచి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు దూరంగా కనిపించి ముఖం మారిపోతుంది. పిల్లాడితో పాటు బ్లాకులూ గదీ కలిపి తీయాలనుకుంటే 18 మంచిదే. ముఖమే కావాలంటే 35 దగ్గర ఆగండి.

50 ఎంఎం f/1.8 లెన్స్ ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. f/5.6 నుంచి f/1.8కి మూడు స్టాపులకు పైగా లాభం. అది చూసి అందరూ f/1.8లోనే ఉండిపోతారు, తర్వాత ఫోకస్ తప్పిందని కెమెరాను తిట్టుకుంటారు. అపర్చర్ పెద్దదయ్యేకొద్దీ ఫొటోలో స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. ఏపీఎస్-సీ కెమెరాలో 50 ఎంఎం లెన్స్‌తో ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి f/1.8 దగ్గర తీస్తే, ఆ స్పష్టమైన మందం మొత్తం ఆరేడు సెంటీమీటర్లే. దగ్గరి కన్ను మీద ఫోకస్ చేస్తే చెవి దాటిపోతుంది. మీరు నొక్కేలోపు పిల్లాడు బ్లాకు కోసం ముందుకు వంగాడంటే కన్ను కూడా దాటిపోతుంది. f/2.8 దగ్గర ఆ మందం పది సెంటీమీటర్లు, f/5.6 దగ్గర ఇరవై. కదిలే పిల్లలకు నేనైతే ఆ లెన్స్‌ను f/2.8 దగ్గరే ఉంచమంటాను. వెనక గది మెత్తగా కరిగిపోవడానికి అది సరిపోతుంది, కళ్ళు చేజారవు కూడా.

f/11, f/16 లాంటి అంకెలతో ఈ గదిలో మనకు పనిలేదు.

మిగిలిన భారం ఐఎస్ఓ మీద

షట్టర్ 1/250, లెన్స్ 55 దగ్గర f/5.6 అయితే, పోగొట్టుకున్న రెండు స్టాపులూ ఐఎస్ఓయే ఇవ్వాలి. 800 కాస్తా 3200 అవుతుంది. 35 ఎంఎం దగ్గర f/4.5 దొరికితే 2000 చాలు. 50 ఎంఎం లెన్స్‌లో f/2.8 పెడితే 800 దగ్గరే ఉండొచ్చు. గదిలో వెలుతురు అదే, ఫొటో వెలుగు కూడా అదే. లెన్స్ మారడం వల్ల ఐఎస్ఓ ఎంత మారిందో చూడండి.

3200 అనగానే చాలామంది బెదురుతారు. ఐఎస్ఓ పెంచితే గరుకు వస్తుందని వినే ఉంటారు. వస్తుంది, కాకపోతే దానికి అసలు కారణం సెన్సర్ మీద పడిన కాంతి తక్కువ కావడం. కాంతి తక్కువైనప్పుడు సెన్సర్‌లో పక్కపక్కన ఉన్న పిక్సెల్స్ మీద అది సమానంగా పడదు. ఐఎస్ఓ ఆ ఎగుడుదిగుళ్ళను కూడా కలిపి పెంచి చూపిస్తుంది. అందుకే గరుకు భయంతో ఐఎస్ఓను 400 దగ్గర కట్టేసి, ఫొటో చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుగు పెంచుకుందామనుకుంటే ఒరిగేదేమీ ఉండదు. పడిన కాంతి అంతే కదా. అలా పెంచితే నీడల్లో గరుకు అంతే వస్తుంది, చాలాసార్లు ఇంకా ఎక్కువ వస్తుంది.

గరుకున్న ఫొటోను తర్వాత నయం చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో తగ్గుతుంది, చిన్నదిగా ప్రింట్ చేస్తే కనిపించనే కనిపించదు, ఫోన్‌లో చూసేవాళ్ళకు అసలు తెలియదు. సాగిపోయిన చేతినీ ఫోకస్ తప్పిన కన్నునూ వెనక్కి తేవడం చాలా కష్టం. ఐఎస్ఓను చివర పెట్టడానికి కారణం ఇదే. మూడింటిలో అతి తక్కువ నష్టం చేసేది అదే, కాబట్టి భారమంతా దాని మీద వేయొచ్చు.

ఎంతవరకు వేయొచ్చన్నది మీ కెమెరాను బట్టి ఉంటుంది. ఒక సాయంత్రం అదే గదిలో 800, 1600, 3200, 6400, 12800 దగ్గర ఒక్కొక్క ఫొటో తీయండి. ఐఎస్ఓ రెట్టింపైన ప్రతిసారీ షట్టర్ స్పీడ్‌ను ఒక స్టాప్ పెంచితే అన్నీ ఒకే వెలుగులో వస్తాయి. తర్వాత కంప్యూటర్‌లో నల్లటి జుట్టు, కుర్చీ కింద నీడ లాంటి చోట్లు పెద్దవి చేసి చూడండి. గరుకు ముందుగా బయటపడేది అక్కడే. మీ కంటికి ఇక చాలనిపించిన దానికి ఒక మెట్టు కిందిది మీ హద్దు. ఇప్పుడొస్తున్న ఏపీఎస్-సీ కెమెరాల్లో చాలామందికి 6400 దాకా ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు కెమెరాలో పెట్టండి

మోడ్ డయల్‌ను M మీదికి తిప్పండి. M అనగానే అన్నీ మనమే చేయాలేమో అని టెన్షన్ పడకండి, ఐఎస్ఓను ఆటోలో వదిలేస్తున్నాం. మెనూలో ఐఎస్ఓ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి Auto ఎంచుకోండి. దాని గరిష్ఠ హద్దు అడిగే చోట మీరు తేల్చుకున్న అంకె పెట్టండి, ఇంకా తేల్చుకోకపోతే 6400 పెట్టండి.

తర్వాత షట్టర్ 1/250. అపర్చర్ లెన్స్ ఇచ్చినంత, 50 ఎంఎం అయితే f/2.8. ఒకే డయల్ ఉన్న కెమెరాల్లో ఆ డయల్ మామూలుగా షట్టర్‌ను మారుస్తుంది, అపర్చర్ మార్చాలంటే Av అనో +/- అనో ఉన్న బటన్‌ను నొక్కి పట్టుకుని అదే డయల్ తిప్పాలి.

ఫోకస్ కూడా మార్చుకోవాలి. AF-C పెట్టండి, కానన్‌లో దాన్ని Servo అంటారు. సగం నొక్కి పట్టుకున్నంతసేపూ కెమెరా పిల్లాడి వెంట ఫోకస్‌ను జరుపుతూ ఉంటుంది. కంటిని గుర్తుపట్టే సదుపాయం ఉంటే అదీ ఆన్ చేయండి.

ఇంతే. మీరు రెండు చెప్పారు, మూడోది కెమెరా చూసుకుంటుంది. పిల్లాడు కిటికీకి దగ్గరగా పాకితే ఐఎస్ఓ దానంతటదే 1600కి దిగుతుంది, మూలకు వెళ్తే 5000కి ఎక్కుతుంది. మీరు మాత్రం పిల్లాడినే చూస్తూ ఉండొచ్చు.

ఒక్క చోట కెమెరా మోసపోతుంది. పిల్లాడి వెనక కిటికీ వచ్చిందంటే ముఖం నల్లబడుతుంది. కెమెరా ఫ్రేమ్‌లో ఉన్నదాన్ని నడిమి వెలుగుకు తేవాలని చూస్తుంది, కిటికీ తెలుపు చూసి కాంతి ఎక్కువైందనుకుని ఐఎస్ఓ తగ్గించేస్తుంది. అప్పుడు ఫొటో వెలుగును పెంచే, తగ్గించే +/- సవరణను +1 కో, అది చాలకపోతే +2 కో జరపండి. ముఖం తేరుకుంటుంది, కిటికీ మాత్రం ఉత్త తెల్ల కాగితంలా అయిపోతుంది. రెండూ ఒకేసారి రావు. కొన్ని కెమెరాల్లో M మోడ్‌లో ఆటో ఐఎస్ఓ ఉన్నప్పుడు ఈ సవరణ పనిచేయదు, అలాంటప్పుడు ఐఎస్ఓను చేత్తోనే పెంచుకోవాలి. నాకైతే అన్నిటికన్నా నచ్చేది మీరే పక్కకు జరగడం. కిటికీ పిల్లాడికి ఒక పక్కన ఉండేలా కూర్చోండి. ముఖం ఒకవైపు వెలుగు, ఇంకోవైపు మెత్తటి నీడ పడుతుంది, సవరణ అవసరమే ఉండదు.

మసకలన్నీ ఒకటి కావు

ఒక పది ఫొటోలు తీశాక ఆగి, ప్లేలో పెట్టి, కన్ను దగ్గర పూర్తిగా జూమ్ చేసి చూడండి. చిన్న స్క్రీన్ మీద అన్నీ బాగున్నట్టే ఉంటాయి, దాన్ని నమ్మకండి. మసకగా ఉంటే ఏ రకం మసకో గుర్తుపట్టండి. ఏ డయల్ తిప్పాలో అదే చెబుతుంది.

చేతులు, జుట్టు చారలుగా ఉన్నాయి కానీ నేల మీది బ్లాకు అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. ఇది పిల్లాడి కదలిక. షట్టర్ 1/250 నుంచి 1/500కి పెంచండి.

బ్లాకులు, గోడ, పిల్లాడు అన్నీ ఒకే దిక్కుకు జరిగినట్టున్నాయి. బొమ్మ మీద మెరిసే చుక్క కూడా చిన్న గీతగా సాగింది. ఇది మీ చెయ్యి. 1/250 దగ్గర ఇది రావడం అరుదు, స్పీడ్ తగ్గించినప్పుడే కనిపిస్తుంది. మోచేతులను పక్కటెముకలకు ఆనించి, బటన్‌ను కొట్టినట్టు కాకుండా మెల్లగా అదమండి.

కన్ను మసక, కానీ దాని వెనక చొక్కా కాలరో, ముందున్న బ్లాకో సూదిలా స్పష్టంగా ఉంది. చారలు ఎక్కడా లేవు. ఇది ఫోకస్ పడిన చోటు తప్పు. షట్టర్ ఎంత పెంచినా లాభం లేదు. ఫోకస్ ఎక్కడ పడుతోందో చూసుకోండి, f/1.8లో ఉంటే f/2.8కి రండి. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఈ మూడో రకం దగ్గరే. దీన్ని కదలిక అనుకుని స్పీడ్ పెంచుతారు, ఐఎస్ఓ ఎగబాకుతుంది, మసక అలాగే ఉంటుంది, పైన గరుకు చేరుతుంది.

వెలుతురు ఇంకా తగ్గితే

మరో పావుగంటకు కిటికీ వెలుతురు సగమైందనుకుందాం. 1/250, f/5.6 దగ్గర ఇప్పుడు ఐఎస్ఓ 6400 కావాలి. అది దాటాక కెమెరా హద్దుకు వచ్చేస్తుంది, ఇక ఫొటోలు చీకటి పడటం మొదలవుతుంది. ఇప్పుడు దేన్నో ఒకదాన్ని వదులుకోవాలి.

ముందు జూమ్ వెనక్కి తీసి, దగ్గరికి జరిగి, అపర్చర్ దగ్గర దొరికింది తీసుకోండి. అదీ చాలకపోతే 1/125కి దిగండి, కానీ ఎప్పుడు నొక్కాలో మీరు ఎంచుకోవాలి. బ్లాకులు పేర్చే పిల్లాడిని కాసేపు గమనించండి. బ్లాకు అందుకునేటప్పుడు చెయ్యి విసురుగా వెళ్తుంది. గోపురం పైన ఆఖరి బ్లాకు పెట్టేటప్పుడు మాత్రం ఎక్కడ పడిపోతుందోనని చెయ్యి నెమ్మదిస్తుంది, తల కదలదు, నాలుక కొస బయటికి వస్తుంది. వేళ్ళు బ్లాకును వదిలే ముందు ఒక క్షణం అంతా ఆగిపోతుంది. అప్పుడు మూడు నాలుగు ఫొటోలు వరసగా కొట్టండి. ఆ క్షణానికి 1/125 చాలు, ఒక్కోసారి 1/60 కూడా చాలు. వాటిలో ఒకటైనా స్పష్టంగా ఉంటుంది.

చీకటి పడి గదిలో లైట్లు వేశాక ఇంకో చిక్కు వస్తుంది. కొన్ని ఎల్ఈడీ, ట్యూబ్ లైట్లు కంటికి తెలియకుండా మినుకుతుంటాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట సెకనుకు వందసార్లు, 60 హెర్ట్జ్ ఉన్న చోట నూట ఇరవైసార్లు. 1/250 లాంటి స్పీడ్ ఆ మినుకులో ఒక ముక్కనే పట్టుకుంటుంది. వరసగా తీసిన ఫొటోల్లో ఒకటి వెలుగుగా, ఇంకొకటి పసుపుగా మసకబారి రావడం, కొన్నిటిలో అడ్డంగా నల్లటి పట్టీలు పడటం దానివల్లే. కెమెరా పాడైందేమో అని కంగారు పడకండి. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, పట్టీలు ఎక్కువగా దానివల్లే వస్తాయి. మెనూలో Anti-flicker ఉంటే పెట్టండి. అది లేకపోతే 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టర్‌ను 1/100కి, 60 ఉన్న చోట 1/125కి దించండి. ఆ స్పీడ్‌లో ఒక మినుకు దాదాపు మొత్తంగా ఫొటోలో పడుతుంది కాబట్టి వెలుగు నిలకడగా వస్తుంది. లైట్ల కింద ఇదే మీ హద్దు, కాబట్టి పిల్లాడి చెయ్యి ఆగే క్షణం కోసమే చూస్తూ ఉండండి.